నడుస్తున్న వ్యూహంలో ఒక్క అంకె మార్చాలంటే

2012 ఆగస్టు 1న న్యూయార్క్‌లో ఉదయం 9.30కి స్టాక్ మార్కెట్ తెరుచుకుంది. నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ కంప్యూటర్లు చిన్న మదుపరులు పెట్టిన 212 ఆర్డర్లను పూర్తి చేయడానికి దిగాయి. ఆ తర్వాతి 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో ఏకంగా 40 లక్షల లావాదేవీలు జరిపేశాయి. సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆ మరుసటి ఏడాది ఇచ్చిన ఉత్తర్వులో జరిగిందంతా వివరంగా ఉంది. కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా సాంకేతిక సిబ్బంది ఏడింటిలోనే పెట్టారు. ఎనిమిదోది మిగిలిపోయిందని ఎవరూ సరిచూడలేదు. పైగా కొత్త ప్రోగ్రామును ఆన్ చేయడానికి ఎంచుకున్న స్విచ్చు ఒకప్పుడు పవర్ పెగ్ అనే పాత ప్రోగ్రాముది. దాని వాడకాన్ని 2003లోనే ఆపేసినా, ఆ కోడు మాత్రం సర్వర్లలో అలాగే ఉండిపోయింది. ఆ ఉదయం స్విచ్చు వేయగానే ఏడు సర్వర్లలో కొత్తది నడిచింది, ఎనిమిదో దానిలో పాతది లేచింది. ఎన్ని షేర్లు కొన్నామో లెక్కపెట్టే భాగాన్ని 2005లో పాత ప్రోగ్రాము నుంచి వేరేచోటికి మార్చారు. దాంతో ఎప్పుడు ఆగాలో దానికి తెలియలేదు, ఆర్డర్లు పంపుతూనే పోయింది.

గందరగోళంలో సిబ్బంది కొత్త ప్రోగ్రామే తప్పు చేస్తోందనుకుని, ఏడు సర్వర్ల నుంచీ దాన్ని తీసేశారు. స్విచ్చు మాత్రం ఆన్‌లోనే ఉంది. దాంతో అప్పటిదాకా బాగా పనిచేస్తున్న ఏడింటిలోనూ పవర్ పెగ్ లేచింది.

అల్గో ట్రేడింగ్ చేసే సంస్థలు వ్యూహంలోని అంకెలను తరచూ మారుస్తుంటాయి. ఎంత తేడా వస్తే కొనాలి, ఎంత నష్టం వస్తే వదిలించుకోవాలి, ఒక ఆర్డరు ఎంతకు మించకూడదు అనేవే ఆ అంకెలు. వాటిని కోడులో కలిపెయ్యకుండా కాన్ఫిగ్ ఫైలు అనే చిన్న ఫైలులో విడిగా రాస్తారు. మార్చడం సులువు కనుక అక్కడ ప్రమాదమూ ఎక్కువే. ఒక ఊహా ఉదాహరణ తీసుకుని, ఒక్క అంకె మార్పు ఎన్ని మెట్లు దిగి మార్కెట్‌కు చేరాలో చూద్దాం.

వ్యూహం ఇదీ. పది పెద్ద కంపెనీల షేర్లను గమనిస్తుంటుంది. ధర గత 20 నిమిషాల సగటు కంటే 0.35 శాతం కిందికి దిగితే 50,000 రూపాయల విలువకు కొంటుంది. ధర ఆ సగటుకు తిరిగొస్తే అమ్ముతుంది. రాకుండా ఇంకో 0.80 శాతం పడితే నష్టానికే అమ్మేస్తుంది. రోజుకు వచ్చే అవకాశాలు తక్కువగా ఉన్నాయని, 0.35ను 0.25 చేద్దామని డెస్కు వారి ఆలోచన. ఫైలులో కనిపించే తేడా ఇంతే:

```
-version: 41
-entry_gap_bps: 35
+version: 42
+entry_gap_bps: 25
 stop_loss_bps: 80
 order_value_inr: 50000
```

ఇందులో `bps` అంటే బేసిస్ పాయింట్లు. వంద బేసిస్ పాయింట్లు ఒక శాతం. ఈ ప్రమాణాన్ని పేరులోనే చేర్చడం వెనుక ఒక కారణం ఉంది. పేరు ఉత్త `entry_gap` అయి, విలువ 0.25 అని ఉంటే అది పావు శాతమా, పాతిక శాతమా అన్నది రాసినవారికే తెలుస్తుంది. ప్రమాణం మార్చాలనుకుంటే పాత పేరును అలాగే ఉంచి అర్థం మార్చకూడదు, కొత్త పేరే పెట్టాలి. నైట్ క్యాపిటల్‌లో పాత స్విచ్చుకు కొత్త అర్థం ఇవ్వడం ఎటు దారితీసిందో చూశాం. అలాగే ఫైలులో తనకు తెలియని పేరు కనిపిస్తే ప్రోగ్రాము చూసీచూడనట్టు పోకూడదు. `stop_loss_bps` బదులు ఎవరైనా పొరపాటున `stop_los_bps` అని కొడితే, ఆ వరుసను వదిలేసి ఏదో ఒక సొంత విలువతో నడిచే ప్రోగ్రాము కన్నా అసలు మొదలవ్వనని మొరాయించే ప్రోగ్రామే మేలు.

ఫైలును గిట్ వంటి వ్యవస్థలో ఉంచుతారు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో అది దాస్తుంది. మార్చినవారు కాక ఇంకొకరు ఆ తేడా చూసి ఒప్పుకోవాలి. అంకెతో పాటు దాని పర్యవసానం కూడా చూడాల్సింది ఆ రెండో వ్యక్తే. మన ఉదాహరణలో ఒక లావాదేవీకి అన్ని ఖర్చులూ కలిపి 10 బేసిస్ పాయింట్లు అనుకుందాం. రోజులోపే కొని అమ్మే షేర్లపై, అమ్మకం విలువ మీద 0.025 శాతం లావాదేవీల పన్నే పడుతుంది. మిగతాది బ్రోకరేజీ, ఇతర చార్జీలు, అనుకున్న ధరకీ దొరికిన ధరకీ మధ్య తేడా. పాత అంకెతో గెలిచిన లావాదేవీలో 35 పోగా 25 మిగిలేది. కొత్త అంకెతో 25లో 10 పోయి 15 మిగులుతుంది. తేడాను 10 పాయింట్లే తగ్గించినా, గెలిచినప్పుడు చేతికొచ్చేది 40 శాతం తగ్గింది. నష్టం పరిమితి మాత్రం 80 దగ్గరే ఉంది. ఇది ఒప్పుకోదగినదేనా అన్న చర్చ ఫైలు సర్వరుకు వెళ్లకముందే జరగాలి.

ఒప్పుకున్నాక మొదటి మెట్టు నీడ పరుగు. ప్రస్తుత మార్కెట్ ధరలనే కొత్త ఫైలుకూ అందిస్తారు. అది ఏ ఆర్డర్లు పెట్టేదో రాసుకుంటుంది, ఎక్స్ఛేంజీకి మాత్రం ఏమీ పంపదు. పక్కనే 41 మామూలుగా నడుస్తుంటుంది. రోజు చివర రెండు జాబితాలు పోల్చి చూస్తారు. ఆర్డర్లు రెట్టింపవుతాయని అంచనా వేస్తే ఇరవై రెట్లయ్యాయా? ఒకే షేరులో నిమిషానికోసారి కొని అమ్ముతోందా? ఇలాంటివి ఇక్కడే బయటపడతాయి. అయితే నీడ పరుగుకు ఒక పరిమితి ఉంది. పంపని ఆర్డరు మార్కెట్లో ఏ ధరకు పూర్తయ్యేదో, అసలు పూర్తయ్యేదో లేదో అది చెప్పలేదు.

అది తెలియడానికే రెండో మెట్టు. పది షేర్లలో ఒక్కదానికి మాత్రమే 42ను వర్తింపజేసి, ఆర్డరు విలువను 5,000కు తగ్గిస్తారు. మిగతా తొమ్మిదీ 41 మీదే ఉంటాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. రెండు రోజులు లాభం కనిపించగానే కొత్త అంకె బాగుందని అన్ని షేర్లకూ వర్తింపజేస్తారు. 50,000 రూపాయల ఆర్డరు లెక్కన, ఒక్కో లావాదేవీ ఫలితం సగటుకు అటూ ఇటూ 180 రూపాయల మేర చెదురుతుందనుకుందాం. 36 లావాదేవీల సగటు తీస్తే, అందులోని అనిశ్చితి 180ని 36 వర్గమూలంతో, అంటే ఆరుతో భాగిస్తే వచ్చే 30 రూపాయలు. మనం తేల్చాలనుకునే తేడా లావాదేవీకి ఐదారు రూపాయలే. ఆ అనిశ్చితిని 3 రూపాయలకు తేవాలంటే 3,600 లావాదేవీలు కావాలి. కాబట్టి ఈ చిన్న మెట్టు వ్యూహం మంచిదా కాదా అన్నది తేల్చదు. తప్పులను పట్టుకోవడమే దాని పని.

అందుకని ఈ దశలో లాభనష్టాలను పక్కనపెట్టి, తప్పు జరిగితే వెంటనే కదిలే అంకెల మీద కన్నేస్తారు. గంటకు ఎన్ని ఆర్డర్లు వెళ్లాయి, ఎక్స్ఛేంజీ ఎన్నింటిని తిరస్కరించింది, అనుకున్న ధరకూ దొరికిన ధరకూ తేడా ఎంత, చేతిలో ఒకేసారి ఉన్న షేర్ల విలువ ఎంతదాకా వెళ్లింది. ఒక్కోదానికి హద్దును ముందే రాసుకుంటారు. ఏ ఒక్కటి దాటినా 42 కొత్త ఆర్డర్లు పెట్టడం ఆపేస్తుంది. అన్నీ హద్దులో ఉంటే ఒకటి నుంచి మూడు షేర్లకు, ఆపై పదికీ, ఆ తర్వాత పూర్తి విలువకూ వెళ్తారు. విస్తృతినీ విలువనూ ఒకే రోజు పెంచరు. పెంచితే, తేడా వచ్చినప్పుడు దేని వల్ల వచ్చిందో తెలియదు.

వ్యూహం ఒకటి కన్నా ఎక్కువ సర్వర్ల మీద నడుస్తుంటే, అన్నింటిలోనూ ఒకే ఫైలు ఉందో లేదో ప్రతి ఉదయం తేల్చుకోవాలి. ఇందుకు ఒక ఆదేశం చాలు:

```
sha256sum strategy.yaml
```

ఫైలులోని అక్షరాలను బట్టి ఇది ఒక పొడవాటి సంకేతాన్ని ఇస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా సంకేతం పూర్తిగా మారిపోతుంది. ప్రతి సర్వరూ లేవగానే తన సంకేతాన్ని ప్రకటించాలి. ఆ సర్వరులో ఉండాల్సిన ఫైలు సంకేతంతో అది సరిపోలేదాకా దాని నుంచి ఒక్క ఆర్డరు కూడా వెళ్లకూడదు. ఈ తనిఖీని మనుషుల జ్ఞాపకానికి వదలకూడదు. ఆ ఆగస్టు ఉదయం 8.01 నుంచి మార్కెట్ తెరిచేలోగా నైట్ క్యాపిటల్ వ్యవస్థ పవర్ పెగ్‌ను ప్రస్తావిస్తూ 97 ఈమెయిళ్లను సిబ్బందికి పంపింది. అవి హెచ్చరికలుగా ఉద్దేశించినవి కావు కనుక వాటి మీద ఎవరూ కదల్లేదు.

ఇవన్నీ చేసినా ఏదో ఒకనాడు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. పాత ఫైలు గిట్‌లో భద్రంగా ఉంది కదా, ఒక ఆదేశంతో 41 వచ్చేస్తుంది. అయితే 42 కొన్న షేర్లు చేతిలోనే ఉంటాయి. మూడు కంపెనీల షేర్లు 0.25 శాతం తేడాతో కొని ఉన్నాయనుకుందాం. వాటిని ఎప్పుడు అమ్మాలో ఇప్పుడు ఎవరు చెప్పాలి? ఈసారి నష్టం పరిమితి రెండింటిలోనూ 80 కనుక చిక్కు లేదు. 42లో దాన్ని కూడా 60కి మార్చి ఉంటే, అదే షేరును ఒక ఫైలు అమ్మమంటుంది, ఇంకొకటి ఆగమంటుంది. దీనికి మార్గం, ప్రతి ఆర్డరుకూ దాన్ని పుట్టించిన ఫైలు సంఖ్యను అంటించడం. 42 కొన్నవి 42 నియమాల ప్రకారమే ముగుస్తాయి, కొత్త కొనుగోళ్లు మాత్రం 41 ప్రకారం జరుగుతాయి. 42 నియమాలనే నమ్మలేని పరిస్థితి అయితే ఆర్డర్లన్నీ ఆపి, చేతిలో ఉన్నవాటిని మనిషి చూసి అమ్మాలి. ఈ రెండింటిలో ఏది, ఎవరి నిర్ణయం అన్నది మార్పును ఒప్పుకున్న రోజే అదే నమోదులో రాసిపెట్టాలి.

మన దేశంలో ఈ నమోదులు సంస్థ సొంత క్రమశిక్షణతో ఆగవు. 2012 మార్చిలోనే సెబీ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం అల్గో ట్రేడింగ్ చేసే బ్రోకర్లు తమ నియంత్రణ పారామీటర్ల రికార్డులను దాచాలి, ఆమోదం పొందిన అల్గోలో మార్పు చేస్తే ఎక్స్ఛేంజీకి తెలియజేయాలి. 42లో మారింది ఒక్క అంకే అయినా అది ఈ నియమం కిందికి వస్తుందా అన్నది నీడ పరుగుకు ముందే తమ కంప్లయన్స్ విభాగంతో తేల్చుకోవాలి. వస్తుందంటే, ఎక్స్ఛేంజీకి సంబంధించిన పని పూర్తయ్యేదాకా ఆ ఒక్క షేరు, 5,000 రూపాయల మెట్టు కూడా మొదలు కాకూడదు.