అరచేతి వెడల్పులో 23 జిల్లాలు

కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన చార్టు ఫోన్‌లో చదవడానికి వీల్లేకుండా పోవడానికి కారణం చిన్న లెక్క. కంప్యూటర్ కోసం చార్టును 1200 పిక్సెళ్ల వెడల్పున గీసి, అందులోని అక్షరాలకు 14 పిక్సెళ్ల సైజు ఇవ్వడం మామూలు. ఫోన్ తెరలో నిజానికి ఎన్ని చుక్కలున్నా, బ్రౌజరు మాత్రం చాలా ఫోన్లను సుమారు 360 పిక్సెళ్ల వెడల్పుగానే లెక్కిస్తుంది. పెద్ద ఫోన్లలో ఇది 400 దాటుతుంది. 1200 వెడల్పు బొమ్మ 360లో ఇమడాలంటే అందులోని ప్రతిదీ పదిలో మూడు వంతులకు కుదించుకుపోవాలి. 14 సైజు అక్షరం 4కు దిగుతుంది. ఫోన్ తెర వెడల్పు దాదాపు ఏడు సెంటీమీటర్లు కాబట్టి, ఈ లెక్కలో ఒక పిక్సెల్ అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. అంటే అక్షరానికి దక్కే ఎత్తు 0.8 మిల్లీమీటరు.

ఆ 0.8 మిల్లీమీటరు కూడా తెలుగు అక్షరానికి పూర్తిగా దక్కదు. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు, వట్రసుడి అన్నీ అందులోనే సర్దుకోవాలి కనుక, అసలు అక్షరం మిగిలిన కాస్త చోటులో నలిగిపోతుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా మొదట మాయమవుతుంది. తర్వాత ప, వ, మ ఒకేలా కనిపిస్తాయి. ఇంగ్లిషు అక్షరాలు చదవగలిగినంత చిన్న సైజులో తెలుగు అక్షరాలు చదవలేకపోవడం అందువల్లే. ఇంగ్లిషులో సరిపోయిన చార్టును పేర్లు మాత్రం తెలుగులోకి మార్చి వాడితే చిక్కు వచ్చేదీ ఇక్కడే. వరుసల మధ్య దూరం కూడా తెలుగుకు ఎక్కువ కావాలి. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది.

ఫోన్ మీద తెలుగు ఇబ్బంది లేకుండా చదవడానికి 360 వెడల్పులో 16 సైజు కావాలి. అంటే అక్షరం సైజు బొమ్మ వెడల్పులో సుమారు 22వ వంతు. బొమ్మను ఏ కొలతలో చేసినా ఈ నిష్పత్తి ఒక్కటి గుర్తుంటే చాలు. వాట్సాప్‌లో పంపడానికి 1080 పిక్సెళ్ల వెడల్పున బొమ్మ చేస్తే అక్షరాలు 48 ఉండాలి. తప్పనిసరైన చిన్న వివరమైనా 36కు తగ్గకూడదు. కంప్యూటర్ తెర మీద 48 సైజు అక్షరాలు మోటుగా, చిన్నపిల్లల పుస్తకంలోలా కనిపిస్తాయి. చార్టు గీసేవాళ్లు భయపడి తగ్గించేది అప్పుడే, తగ్గించకూడనిదీ అప్పుడే.

అక్షరాలు ఇంత పెద్దవయ్యాక చార్టులో చోటు చాలదు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న ప్రశ్న అసలు అప్పుడే మొదలవుతుంది. ఒక ఉదాహరణ తీసుకుని చూస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు. రాష్ట్ర అక్షరాస్యత 67 శాతం. అందరికంటే పైన హైదరాబాద్ 83 శాతంతో, అట్టడుగున మహబూబ్‌నగర్ 55 శాతంతో ఉన్నాయి. ఈ 23 అంకెలనూ ఫోన్ మీద చూపించాలి.

అలవాటు చొప్పున గీసే చార్టులో జిల్లాకొక నిలువు కమ్మీ ఉంటుంది. రెండు పక్కలా 16 పిక్సెళ్ల చొప్పున అంచు వదిలితే మిగిలేది 328. దాన్ని 23 జిల్లాలకు పంచితే ఒక్కో దానికి 14 వస్తుంది. కమ్మీ గీయడానికి అది చాలు, కింద పేరు రాయడానికి చాలదు. అందుకే ఎక్సెల్ లాంటి సాఫ్ట్‌వేర్లు పేర్లను ఏటవాలుగానో నిలువుగానో తిప్పేస్తాయి, లేదా ఒకటి విడిచి ఒకటి రాస్తాయి. ఆ సంవత్సరం లెక్కల్లో నెల్లూరు జిల్లా అధికారిక పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. దాన్ని నిలువుగా తిప్పి రాస్తే పేరే కమ్మీ కంటే పొడుగవుతుంది.

ఫోన్‌కు వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. పైగా కిందికి జరుపుతూ చదవడం చేతికి అలవాటైన పని. కాబట్టి కమ్మీలను పడుకోబెట్టడమే మొదటి మార్పు. పేరును కమ్మీకి ఎడమ పక్కన రాయడం ఒక పద్ధతి. కానీ అలా రాస్తే తూర్పు గోదావరి, విశాఖపట్నం లాంటి పేర్లకే తెరలో మూడో వంతు పోతుంది. పేరును కమ్మీ నెత్తిన రాయడం మేలు. అప్పుడు కమ్మీకి తెర మొత్తం వెడల్పు దక్కుతుంది. పేరుకు 24, కమ్మీకి 16, కింద ఖాళీకి 10 పిక్సెళ్లు కలిపి ఒక్కో జిల్లాకు 50 అవుతుంది. 23 జిల్లాలకు 1150. బ్రౌజరు పట్టీలు పోగా ఫోన్‌లో ఒక్కసారి కనిపించే ఎత్తు సుమారు 640. అంటే రెండు తెరల నిండా ఉంటుంది. చదవవచ్చు కానీ హైదరాబాద్ కనిపిస్తున్నప్పుడు మహబూబ్‌నగర్ కనిపించదు. పోల్చడానికే గీసిన చార్టుకు ఇది పెద్ద లోపం.

అందుకని రెండో మార్పు, జిల్లాలను తగ్గించడం. పై నాలుగు హైదరాబాద్ 83, రంగారెడ్డి 76, పశ్చిమ గోదావరి 75, కృష్ణా 74. కింది నాలుగు ఆదిలాబాద్ 61, కర్నూలు 60, విజయనగరం 59, మహబూబ్‌నగర్ 55. నడుమ రాష్ట్ర సగటు 67. మొత్తం తొమ్మిది కమ్మీలు 450 పిక్సెళ్లలో అయిపోతాయి. పైన రెండు వరుసల శీర్షిక పెట్టినా ఒక్క తెరలో ఇముడుతుంది. అయితే ఇలా రెండు కొసలనే చూపిస్తే జిల్లాలన్నీ ఇలాగే పైకీ కిందికీ విడిపోయి ఉన్నాయనే అపోహ కలుగుతుంది. నిజానికి మిగతా 15 జిల్లాలు 61కీ 72కీ మధ్యనే గుంపుగా ఉన్నాయి. ఆ ముక్క చార్టులోనే, తెగిన చోట, ఒక వరుసలో చెప్పడం నిజాయితీ.

ఇక చార్టులోని మాటలు, అంకెలు. అంకెను కమ్మీ కొసనే రాస్తే 0, 10, 20 అంటూ అడుగున సాగే కొలబద్ద అక్కర్లేదు, దానితోపాటు నిలువునా గీసిన గీతలూ అక్కర్లేదు. రంగుకు అర్థం చెప్పే పెట్టె కూడా ఫోన్‌లో బరువే. చూపు కమ్మీ దగ్గర నుంచి పెట్టె దాకా వెళ్లి తిరిగి రావాలి, ఆ లోపల చేతివేలు తెరను జరిపేస్తుంది. దశాంశాలను తీసేయడానికి ఇంకో కారణం ఉంది. అంకెకు 40 పిక్సెళ్లు వదిలితే కమ్మీకి మిగిలేవి 288. నూరు శాతానికి 288 అంటే ఒక శాతానికి మూడు పిక్సెళ్ల లోపే. నిజామాబాద్ 61.25, మెదక్ 61.42. వాటి తేడా అర పిక్సెల్. కంటికి కనపడని తేడాను అంకెల్లో రాస్తే అదేదో ముఖ్యమైనదనిపిస్తుంది. రెండూ 61 అంటే చాలు.

చోటు ఇరుకైనప్పుడు కమ్మీలను సున్నా నుంచి కాకుండా 50 నుంచి మొదలుపెట్టాలనే ఆశ పుడుతుంది. తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కూడా. కానీ కమ్మీని కన్ను పొడవుతోనే కొలుస్తుంది. 50 నుంచి గీస్తే హైదరాబాద్ పొడవు 33, మహబూబ్‌నగర్ పొడవు 5. ఒకటి రెండోదానికి ఆరున్నర రెట్లు ఉన్నట్టు తోస్తుంది. అసలు నిష్పత్తి ఒకటిన్నరే. కొలబద్దను కూడా తీసేసిన చార్టులో ఈ మోసం పట్టుకోవడం ఇంకా కష్టం. 50 నుంచే చూపించాలనుకుంటే కమ్మీకి బదులు చుక్క పెట్టాలి. చుక్కకు పొడవు ఉండదు, స్థానమే ఉంటుంది.

అసలు ఏ ఆకారాన్ని కన్ను సరిగ్గా కొలుస్తుందన్న విషయాన్ని అమెరికాలో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెగిల్ 1984లో ప్రచురించిన పరిశోధనలో ప్రయోగాలతో పరీక్షించారు. ఒకే కొలబద్ద మీది స్థానాలను పోల్చడంలో మనుషులు తక్కువ తప్పులు చేస్తారని, కోణాలను పోల్చడంలో ఎక్కువ తప్పులు చేస్తారని వారి ఫలితాలు చెబుతున్నాయి. గుండ్రటి పై చార్టు ఫోన్‌లో తేలిపోవడం అందుకే. నాలుగైదు ముక్కలు దాటితే పేర్లు లోపల పట్టవు, బయట రాస్తే గీతలు లాగాలి, గీతలకు చోటివ్వడానికి చక్రం ఇంకా చిన్నదవుతుంది. త్రీడీ కమ్మీలది ఇంకో అన్యాయం. కమ్మీ కొస ముందు అంచు దగ్గరుందా, వెనక అంచు దగ్గరుందా అన్నది పెద్ద తెర మీదే తేలదు.

జిల్లాల లెక్కలనగానే చాలామందికి రంగులు నింపిన పటం గుర్తొస్తుంది. ఈ అంకెలకు అది ఎందుకు నప్పదో హైదరాబాదే చెబుతుంది. ఆ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, అనంతపురం 19 వేల పైచిలుకు. ఉమ్మడి రాష్ట్రాన్ని ఫోన్ వెడల్పుకు కుదిస్తే అక్షరాస్యతలో అందరికంటే ముందున్న జిల్లా మిల్లీమీటరు చుక్కవుతుంది. దాన్ని వేలితో నొక్కి అంకె చూడమనడమూ కుదరదు. వేలికి సరిగ్గా తగలాలంటే కనీసం 48 పిక్సెళ్ల చోటుండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి. మౌస్ ఆనించగానే అంకె తేలే ఏర్పాటు ఫోన్‌లో లేదు కాబట్టి, ముఖ్యమైన అంకె ఏ చార్టులోనైనా పైకి కనిపిస్తూ ఉండాల్సిందే.

మగవారి, ఆడవారి అక్షరాస్యతను విడివిడిగా చూపాల్సి వస్తే కమ్మీలు రెట్టింపవుతాయి. రాష్ట్రం మొత్తానికి అవి 75, 59 శాతాలు. ఇక్కడ చెప్పదలచినది వాటి మధ్య ఎడం కనుక, ఒకే గీత మీద రెండు చుక్కలు పెట్టి వాటిని కలిపితే ఆ గీత పొడవే సంగతి చెబుతుంది. వరుసల సంఖ్య పెరగదు. రెండు చుక్కలకూ ఎరుపు, ఆకుపచ్చ వాడితే ఆ రంగుల తేడా తెలియనివారికి రెండూ ఒకటే. ఒకటి నిండు చుక్క, ఇంకొకటి బోలు చుక్క అయితే రంగుతో పని లేదు.

రంగుల విషయంలో ఒక్క కొలత చాలు. తెల్లని నేపథ్యం మీద అక్షరాలకు కనీసం 4.5కు 1 నిష్పత్తిలో వెలుగు తేడా ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. బూడిద రంగులో ఆ హద్దు #767676. దానికంటే లేత బూడిద అక్షరాలు ఇంట్లో అందంగా ఉంటాయి, బస్టాపులో ఎండ పడగానే కనిపించవు.

గీసిన చార్టు పనిచేస్తుందో లేదో తెలియాలంటే దాన్ని ఫోన్‌కు పంపుకుని, మామూలుగా పట్టుకునే దూరంలో, వేళ్లతో పెద్దది చేయకుండా చూడాలి. వాట్సాప్‌లో వెళ్లే చార్టయితే వాట్సాప్‌లోనే పంపి చూడాలి. బొమ్మను కుదించి పంపడంలో సన్నని అక్షరాల చుట్టూ మసక చేరుతుంది. ఆ తర్వాత చార్టు గీయనివారికి చూపించి, అన్నిటికంటే వెనకబడిన జిల్లా ఏదని అడగాలి. గీసినవారికి జవాబు ముందే తెలుసు కనుక వారి కన్ను సాక్ష్యానికి పనికిరాదు. అడిగినవారు రెండు వేళ్లతో తెరను సాగదీశారంటే అక్షరాలు చాలలేదని అర్థం. పైకీ కిందికీ జరుపుతూ వెతికారంటే వరుసలు ఎక్కువైనట్టు.

ఇన్ని చేసినా తీరని లోటు ఒకటుంది. చూపు మందగించినవారు ఫోన్ సెట్టింగుల్లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే వ్యాసంలోని అక్షరాలు చాలాచోట్ల పెరుగుతాయి, బొమ్మలో అచ్చయిన అక్షరాలు పెరగవు. తెరను బయటికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు కూడా బొమ్మలోని అంకెలు నమ్మకంగా దొరకవు. పైగా తొమ్మిది కమ్మీల చార్టులో తమ జిల్లా ప్రకాశం లేదని చూసుకునే పాఠకుడు ఒకడుంటాడు. అందుకని చార్టు కింద 23 జిల్లాల పేర్లు, శాతాలు రెండే నిలువు వరుసల పట్టికగా, బొమ్మగా కాక మామూలు అక్షరాల్లో ఇవ్వాలి. రెండు వరుసల పట్టిక 360 వెడల్పులో 16 సైజు అక్షరాలతోనూ తేలిగ్గా పడుతుంది.