శనగలు నానే గంటలు

సాయంత్రం పూరీలు, ఛోలే చేద్దామని అప్పటికప్పుడు అనుకుంటాం. రాత్రి శనగలు నానబోయలేదన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది. దీనికి చాలామంది చెప్పే ఉపాయం వేడినీళ్ళ నానుడు. శనగలు కడిగి, వాటికి మూడింతల నీళ్ళు పోసి, రెండు నిమిషాలు తెర్లనిచ్చి, పొయ్యి కట్టేసి, మూతపెట్టి ఒక గంట వదిలేయాలి. గింజలు బాగానే ఉబ్బుతాయి. అయితే రాత్రంతా నానిన శనగలకు పెట్టినన్ని నిమిషాలే వీటికీ పెడితే, కొరికినప్పుడు మధ్యలో పలుకు తగులుతుంది.

ఎండు శనగలో ఉండే తేమ నూటికి పదీ పన్నెండు పాళ్ళే. రాత్రంతా చన్నీళ్ళలో ఉంటే అది తన బరువంత నీటిని పీల్చుకుంటుంది. గ్లాసుడు కాబూలీ శనగలు, అంటే దాదాపు 200 గ్రాములు, తెల్లారేసరికి 400 గ్రాములకు అటూ ఇటూ తూగుతాయి. నీళ్ళు ముందు ముక్కు దగ్గరున్న సన్నని దారి గుండా వెళ్ళి పొట్టును తడుపుతాయి. అందుకే మొదటి గంటలో పొట్టు ముడతలు పడి, గింజ చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. పొట్టు సాగింది, పప్పు ఇంకా ఉబ్బలేదని దానర్థం. తర్వాత బద్దలు నెమ్మదిగా నిండి ముడతలు పోతాయి. కాబూలీలకు ఎనిమిది గంటలకల్లా ఈ పని చాలావరకు పూర్తవుతుంది.

వేడి ఈ దారిని దగ్గర చేస్తుంది. వేడినీళ్ళు గింజలోకి త్వరగా ఇంకుతాయి, పొట్టు కూడా మెత్తబడుతుంది. గంటలో శనగ రెట్టింపుకు కాస్త తక్కువ బరువుకు చేరుకుంటుంది. తక్కువపడే ఆ నీరంతా గింజ నడిమి భాగానిదే. బద్దల అంచులు నిండుగా నానితే, నడుమ ఇంకా ఎండుగానే ఉంటుంది. ఒక గింజను చాకుతో అడ్డంగా కోసి చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. రాత్రంతా నానినదైతే కోసిన ముఖమంతా ఒకే రంగులో ఉంటుంది. గంట నానినదాని నడుమ సుద్దముక్కలాంటి పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ తడిసి ఉడకడానికి పట్టే సమయమంతా పొయ్యి మీద గడవాల్సిందే.

ఎంత సమయం? ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లో, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి లెక్కపెడితే, రాత్రంతా నానిన కాబూలీలకు పదిహేను నిమిషాలు సరిపోతాయి. వేడినీళ్ళలో నానినవాటికి ఇరవై నుంచి ఇరవై ఐదు కావాలి. అసలు నానబెట్టనివైతే ముప్పావుగంట దాటుతుంది. మూతలేని గిన్నెలో అయితే వరసగా గంట, గంటన్నర, రెండు గంటలకు పైగా అనుకోవచ్చు. విజిళ్ళ లెక్కను మాత్రం నమ్మలేం. ఒక్కో కుక్కరు ఒక్కోలా కూస్తుంది, మంట పెద్దదైతే విజిళ్ళు ఊరికే దగ్గర దగ్గరగా వస్తాయి. నిమిషాల లెక్కే మేలు.

ఇప్పుడు మళ్ళీ ఆ సాయంత్రం సంగతికి వద్దాం. గంట ఐదయింది, ఏడింటికి భోజనాలు. వేడినీళ్ళ దారి పడితే నీళ్ళు తెర్లడానికి పది నిమిషాలు, నానడానికి గంట, కుక్కర్లో ఇరవై ఐదు నిమిషాలు, ఆవిరి దిగడానికి మరో పది. అంటే శనగలు చేతికొచ్చేసరికి ఆరూ ముప్పావు. ఎండు శనగల్నే నేరుగా కుక్కర్లో వేస్తే, ప్రెషర్ ఎక్కి దిగడంతో కలుపుకున్నా ఆరుంబావుకే అయిపోతాయి! తొందరలో ఉన్నవాళ్ళకోసం పుట్టిన ఉపాయం కుక్కరున్న ఇంట్లో అరగంట ఆలస్యం చేస్తోందన్నమాట. అది ఆదా చేసేది గ్యాసును, గడియారాన్ని కాదు. మరొకటి కూడా ఉంది. నేరుగా ఉడికించిన శనగల్లో కొన్ని పగిలి ముద్దవుతాయి, కొన్ని బిరుసుగా మిగులుతాయి, నురగ కూడా ఎక్కువ. అందుకే అలా చేసేటప్పుడు కుక్కరు సగానికి మించి నింపకూడదు. నురగ పొంగితే విజిల్ దారి మూసుకుపోతుంది. గింజ గింజగా ఉండాల్సిన కూరకు నేను వేడినీళ్ళనే ఎంచుకుంటాను. ఎలాగూ మెత్తగా రుబ్బుకునేదానికైతే ఆ గంట ఎదురుచూపు దండగ.

ఈ లెక్కలన్నీ కాబూలీలవి. మన ప్రకాశం, కర్నూలు జిల్లాల నల్లరేగడి చేలల్లో పండే ఎర్ర శనగలకు పొట్టు మందం. వాటికి వేడినీళ్ళ గంట అంతగా పనిచేయదు. చాలా గింజలు ముడతల దశలోనే ఆగిపోతాయి. రెండు గంటలైనా ఇవ్వాలి. ఈలోగా నీళ్ళు చల్లారిపోతాయి కాబట్టి తెర్లిన శనగల్ని నీళ్ళతో సహా హాట్‌ప్యాక్‌లోకి వంచి మూత బిగిస్తే వేడి నిలుస్తుంది. అంతచేసినా రాత్రంతా నానినవాటికంటే పది నిమిషాలు ఎక్కువే ఉడికించాలి.

రాత్రంతా నానినా ఉడకని శనగలూ ఉంటాయి. ఏడాది దాటి, ఎండాకాలపు వేడీ వానాకాలపు తేమా తిన్న గింజలో కణాల్ని కలిపి ఉంచే పెక్టిన్ అనే జిగురు గట్టిపడిపోతుంది. కాల్షియం దాన్ని ఇంకా బిగిస్తుంది. బోరునీళ్ళలో కాల్షియం ఎక్కువ కాబట్టి అదే శనగ ఒక ఊళ్ళో ఉడికి, మరో ఊళ్ళో మొరాయిస్తుంది. నానబోసేటప్పుడే లీటరు నీళ్ళకు రెండు చెంచాల ఉప్పు వేస్తే, అందులోని సోడియం పొట్టులోని కాల్షియాన్ని కొంత తప్పించి పొట్టును మెత్తబరుస్తుంది. గ్లాసు శనగలకు చిటికెడు వంటసోడా ఇంకా గట్టిగా పనిచేస్తుంది. చిటికెడు దాటితే మాత్రం సబ్బు రుచి వస్తుంది, గింజ పిండైపోతుంది. చింతపండు, టమాటాల పులుపు దీనికి సరిగ్గా తిరుగుడు. శనగ మెత్తబడకముందే పులుపు తగిలితే ఎంతసేపున్నా బిరుసు తగ్గదు.

వేడినీళ్ళు పనికిరాని చోట్లూ ఉన్నాయి. రెండు నిమిషాలు తెర్లిన గింజ చచ్చిపోతుంది, ఇక మొలకెత్తదు. మొలకలకు చన్నీళ్ళే దిక్కు. అయితే మే నెలలో వంటింటి గట్టుమీద రాత్రంతా ఉంచిన నీళ్ళు తెల్లారేసరికి నురగ కట్టి పుల్లటి వాసన వేస్తాయి. పడుకునే ముందు నీళ్ళు మార్చి గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టాలి. చల్లదనంలో నానుడు నెమ్మదిస్తుంది కాబట్టి పన్నెండు గంటలివ్వాలి.

శ్రావణమాసం వాయనాల శనగలూ చన్నీళ్ళవే, పచ్చివే. వాటితో చిక్కేమిటంటే నాలుగిళ్ళ శనగలు ఒకే గిన్నెలోకి చేరతాయి. ఒకరివి రాత్రి నానినవి, ఒకరివి తెల్లవారుజామున పోసినవి. ఒకరిది ఈ ఏటి పంట, ఇంకొకరిది డబ్బా అడుగున మిగిలిన పాతది. తాళింపు వేయబోయే ముందు ముడతలు పోనివాటిని నాలుగైదు ఏరి కోసి చూడండి. నడుమ పాలిపోయిన మచ్చ ఉంటే మొత్తం శనగల్ని ఇంకో మూడు నాలుగు గంటలు నీళ్ళలో ఉంచి, ఆ తర్వాతే కుక్కరెక్కించండి.