బాండు ధరలో వడ్డీని కలపకూడదు

ప్రభుత్వం అప్పు కావాల్సిన ప్రతిసారీ కొత్త బాండునే జారీ చేయదు. ఇంతకుముందే మార్కెట్లో ఉన్న పాత బాండునే మరికొంత అమ్ముతుంది. రిజర్వు బ్యాంకు వేలం ప్రకటనల్లో దీన్ని రీ-ఇష్యూ అంటారు. పాత బాండు కాబట్టి దాని వడ్డీ రేటు, వడ్డీ తేదీలు ఎప్పుడో ఖరారై ఉంటాయి. వేలం మాత్రం ఆ తేదీల మధ్యలో ఏదో ఒక రోజున జరుగుతుంది. అందుకే వేలంలో నెగ్గినవారు తాము పాడిన ధరతో పాటు, గత వడ్డీ తేదీ నుంచి డబ్బు కట్టే రోజు దాకా పేరుకున్న వడ్డీని కూడా కట్టాలి. మొదటిసారి కొనేవారికి ఇది వింతగా ఉంటుంది. అప్పు ఇచ్చేది మనం, వడ్డీ ఎదురు కట్టేదీ మనమేనా అనిపిస్తుంది.

కంపెనీల డిబెంచర్లలోనూ ఇదే జరుగుతుంది. కాగితాల మీద ఒక తేదీ ఉంటుంది. అనుమతుల్లో జాప్యం వల్లో, మార్కెట్ అనుకూలంగా లేకనో అమ్మకం కొన్ని వారాలు వెనక్కి పోతుంది. ఒక ఊహాజనిత కంపెనీని తీసుకుని ఈ లెక్క మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

కోటి రూపాయల ముఖవిలువ, 12 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. బాండ్ల తేదీ 2021 ఏప్రిల్ 1. ఏటా అక్టోబరు 1న ఆరు లక్షలు, ఏప్రిల్ 1న ఆరు లక్షలు వడ్డీ చెల్లించాలి. 2026 ఏప్రిల్ 1న అసలు తిరిగివ్వాలి. అమ్మకం మాత్రం 2021 జూన్ 1న జరిగింది. అప్పటికి అలాంటి అప్పుకు మార్కెట్లో 11 శాతం పైచిలుకు వడ్డీయే నడుస్తోంది. పన్నెండు శాతం ఇచ్చే కాగితాన్ని నూటికి నూరు రూపాయలకే ఎవరూ అమ్మరు. 102 రూపాయల 90 పైసలకు అమ్ముడైంది. అంటే ప్రీమియం 2,90,000 రూపాయలు.

ఏప్రిల్, మే నెలల వడ్డీ రెండు లక్షలు దీనికి అదనం. అక్టోబరు 1న కంపెనీ ప్రతి బాండుకూ పూర్తి ఆరు నెలల వడ్డీ ఇస్తుంది. ఎవరు ఎన్ని రోజులు ఉంచుకున్నారని విడివిడిగా లెక్కలు తీయదు. కొన్నవారు అప్పు ఇచ్చింది నాలుగు నెలలకే కాబట్టి మిగతా రెండు నెలల వడ్డీని ముందే వాళ్ల దగ్గర తీసుకుంటుంది. అక్టోబరులో దాన్నే తిరిగి ఇచ్చేస్తుంది. జూన్ 1న బ్యాంకులో పడింది 1,04,90,000 రూపాయలు. అందులో కోటి అసలు, 2,90,000 ప్రీమియం. ఆ రెండు లక్షలు మాత్రం చెల్లించాల్సిన వడ్డీ ఖాతాకు వెళ్లాలి. వాటిని ఆదాయంగానో, ప్రీమియంలో భాగంగానో రాస్తే ఆ తర్వాతి అంకెలన్నీ తప్పుతాయి.

మరి ఆ 2,90,000 ఏమిటి? చేతికి వచ్చిన డబ్బే కదా, లాభం అనుకోవచ్చు కదా? కుదరదు. మార్కెట్ కంటే ఎక్కువ వడ్డీ ఇస్తానన్నందుకు కొనుగోలుదారులు ముందుగా ఇచ్చిన పరిహారం అది. దాన్ని గడువు పొడవునా వడ్డీ ఖర్చులోంచి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవాలి. అమోర్టైజేషన్ అంటే ఇదే. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఎన్ని నెలలకు పంచాలన్న దగ్గర. బాండు కాగితం 60 నెలలదే కానీ అప్పు నడిచేది జూన్ 1 నుంచి 58 నెలలు. 2,90,000ను 58తో భాగిస్తే నెలకు 5,000. అలవాటు కొద్దీ అరవైతో భాగిస్తే గడువు నాటికి దాదాపు పది వేలు కరగకుండా పుస్తకాల్లో మిగిలిపోతుంది.

అక్టోబరు 1న ఆరు లక్షలు చెల్లిస్తారు. అందులో రెండు లక్షలు కొన్నవారివి వారికి తిరిగి వెళ్లినవే. మిగిలిన నాలుగు లక్షల్లోంచి నాలుగు నెలల ప్రీమియం 20,000 తీసేస్తే అసలైన వడ్డీ ఖర్చు 3,80,000. ఇలా ప్రతి నెలా సమానంగా పంచడం అర్థం చేసుకోవడానికి సులువు. మన దేశంలో ఇండ్ ఏఎస్ 109 వర్తించే పెద్ద కంపెనీలు మాత్రం, అమ్మిన రోజు నాటి నిజమైన వడ్డీ రేటును పుస్తక విలువకు అన్వయించి లెక్క కట్టాలి. ఆ పద్ధతిలో ప్రీమియం మొదట్లో కాస్త నెమ్మదిగా, పోనుపోను కాస్త వేగంగా కరుగుతుంది.

ఇప్పుడు 2023 ఆగస్టు 1కి వద్దాం. కంపెనీ ఆ రోజు సగం బాండ్లను, అంటే 50 లక్షల ముఖవిలువ ఉన్నవాటిని, గడువు కంటే ముందే 101 రూపాయల చొప్పున తిరిగి కొనేసింది. అప్పటికి 26 నెలలు గడిచాయి. ప్రీమియంలో 1,30,000 కరిగింది, 1,60,000 మిగిలింది. అందులో సగం 80,000. అంటే ఈ బాండ్ల పుస్తక విలువ 50,80,000. కొన్న ధర 50,50,000. ముప్పై వేలు లాభం.

ఈ మూడు అంకెల్లోనే ఎక్కువమంది పొరపడతారు. ఏప్రిల్ 1 నుంచి నాలుగు నెలల వడ్డీ రెండు లక్షలు ఆ రోజే కట్టాలి కదా, దాన్ని ధరలో కలిపేస్తే 52,50,000 అవుతుంది. అప్పుడు 1,70,000 నష్టం కనిపిస్తుంది. నిజానికి ఆ రెండు లక్షలు గడిచిన నెలల వడ్డీ ఖర్చు, బాండు ధరతో దానికి సంబంధం లేదు. రెండో పొరపాటు అంత పెద్దది కాదు, అందుకే పట్టుకోవడం కష్టం. చివరిసారి ఏప్రిల్ 1న ప్రీమియం తగ్గించాం కదా అని ఆ రోజు పుస్తక విలువనే వాడితే 50,90,000 వస్తుంది, లాభం నలభై వేలుగా తేలుతుంది. ముందు ఆగస్టు 1 దాకా ప్రీమియంను కరిగించి, ఆ తర్వాతే లాభనష్టాలు చూడాలి. తేడా పది వేలు. సగం బాండ్లపై నాలుగు నెలల ప్రీమియం కూడా సరిగ్గా పది వేలే. ఇలా తేడా నెలల లెక్కకు సరిపోతే తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

అదే రోజు బాండు ధర 103 ఉంటే 51,50,000 పెట్టి కొనాల్సి వచ్చేది, 70,000 నష్టం. ధర ఎందుకు పెరుగుతుంది? మార్కెట్లో వడ్డీలు తగ్గితే. అంటే వడ్డీలు తగ్గాక పాత అప్పు తీర్చి చౌక అప్పు తెచ్చుకున్న కంపెనీ నష్టం చూపుతుంది. వడ్డీలు పెరిగాక తీర్చిన కంపెనీ లాభం చూపుతుంది! అమెరికాలో ఈ వింత లాభాలు మామూలు ఆదాయంలో కలిసిపోకుండా 1975లో ఒక నిబంధన తెచ్చారు. పెద్ద మొత్తాలైతే వాటిని అసాధారణ అంశంగా విడిగా చూపాలన్నారు. అప్పులు ముందే తీర్చడం కంపెనీలకు మామూలు వ్యవహారం అయిపోయాక 2002లో దాన్ని ఎత్తేశారు.

మన కంపెనీ ముప్పై వేల లాభమూ అలాంటిదే. బాండు 101కి దొరికిందంటే అమ్మిన నాటికంటే మార్కెట్ వడ్డీ కొంచెం పెరిగినట్టే. కొనడానికి కొత్త అప్పు తెచ్చి ఉంటే, మిగిలిన 32 నెలల్లో దానిపై అదనంగా కట్టే వడ్డీకే ఈ లాభం చాలదు. అందుకే వార్షిక నివేదికలో ఈ పద్దు కనిపిస్తే నగదు ప్రవాహాల పట్టిక కూడా తిరగేయాలి. అక్కడ ముప్పై వేలను నిర్వహణ లెక్కలోంచి తీసేసి ఉంటారు. బయటికి వెళ్లిన 50,50,000 రూపాయలు అప్పుల చెల్లింపు కింద ఉంటాయి.