తీసేసిన చిరునామా తిరిగొచ్చిన కథ

ఒకాయన షాపింగ్ యాప్‌లో తన పాత చిరునామా తీసేశాడనుకుందాం. రెండు వారాలయ్యాక అది మళ్లీ జాబితాలో ప్రత్యక్షమైంది. ఎవరూ చేర్చలేదు, హ్యాకర్లూ చొరబడలేదు. తప్పులు సరిదిద్దాల్సిన యంత్రాంగమే ఈ పని చేసింది.

అమెజాన్ ఇంజినీర్లు 2007లో తమ డైనమో వ్యవస్థ గురించి ఒక పత్రం వెలువరించారు. ఫేస్‌బుక్‌లో పుట్టిన కసాండ్రా డేటాబేస్ ఆ పత్రంలోని పద్ధతులు చాలావరకు తీసుకుంది. ఇందులో ఒక్కో వివరానికి సాధారణంగా మూడు సర్వర్లలో మూడు ప్రతులు ఉంచుతారు. వాటిలో పెద్దన్న ఎవరూ ఉండరు. మన అభ్యర్థన ఏ సర్వర్‌కు చేరితే ఆ పూటకు అదే కోఆర్డినేటర్. అది మూడు ప్రతులకూ రాత పంపుతుంది, రెండు ‘అందింది’ అంటే కోరం కుదిరినట్టే. చదివేటప్పుడు కూడా రెండింటిని అడుగుతుంది. మూడింట్లో రెండు రాసి, రెండు చదివితే కనీసం ఒకటి రెండు జట్లలోనూ ఉంటుంది కాబట్టి కొత్త వివరం తప్పిపోదు.

మరి మూడో సర్వర్ పడిపోయి ఉంటే? కోఆర్డినేటర్ దానికి చేరాల్సిన రాతను చీటీగా తన డిస్కులో దాచి, అది లేవగానే అందజేస్తుంది. పక్కింటివాళ్లు మన కొరియర్ తీసుకుని ఉంచినట్టు. దీన్నే హింటెడ్ హ్యాండాఫ్ అంటారు. కాసేపు ఆగి లేచే సర్వర్లకు ఇది చక్కగా సరిపోతుంది. కానీ చీటీలు ఎంతకాలమైనా దాస్తూ పోతే డిస్కు నిండుతుంది, లేచిన సర్వర్ మీద అవన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. అందుకే కసాండ్రాలో `max_hint_window` అనే గడువు ఉంది. మామూలుగా మూడు గంటలు. సర్వర్ పడిపోయి అంతకు మించితే ఇక కొత్త చీటీలు రాయరు. చీటీలు అందజేసేలోగా కోఆర్డినేటర్ డిస్కే పాడైతే ఆ చీటీలూ పోయినట్టే.

మన కథలో మూడో సర్వర్ రాత్రి పదింటికి పడిపోయింది, తెల్లవారుజామున మూడున్నరకు లేచింది. చిరునామా తీసేసింది రెండున్నరకు. పది నుంచి ఒంటిగంట దాకా జరిగిన మార్పులు చీటీల రూపంలో దానికి చేరాయి. ఈ తొలగింపు మాత్రం చేరలేదు.

ఇలాంటి వెలితి పూడ్చడానికే రీడ్ రిపేర్. ఎవరైనా ఆ వివరం అడిగినప్పుడు కోఆర్డినేటర్ ఒక ప్రతి నుంచి అసలు సమాచారం, ఇంకో ప్రతి నుంచి దాని హ్యాష్ మాత్రమే తెప్పించుకుంటుంది. రెండూ కలవకపోతే పూర్తి ప్రతులు తెప్పించి, టైమ్‌స్టాంప్ చూసి, ఏది తాజాదో తేల్చి, వెనకబడిన ప్రతికి రాసేస్తుంది. ఆ తర్వాతే మనకు జవాబు వస్తుంది. అయితే ఇది చదివిన వాటినే బాగుచేస్తుంది. పాత చిరునామాల పేజీ ఎంతమంది తెరుస్తారు? తెరిచినా కోరం మొదటి రెండు సర్వర్లతోనే తీరిపోతే మూడోదాన్ని ఎవరూ పలకరించరు.

అసలు ప్రమాదం తొలగింపులతోనే. కసాండ్రాలో తీసేయడమంటే వెంటనే చెరపడం కాదు, ‘ఇది ఫలానా సమయానికి పోయింది’ అని టూంబ్‌స్టోన్ అనే గుర్తు రాయడం. ఆ గుర్తులనూ ఎల్లకాలం మోయలేరు. `gc_grace_seconds` గడువు 864000 సెకన్లు, అంటే పది రోజులు. అది దాటాక ఫైళ్లను కుదించే పనిలో మొదటి రెండు సర్వర్లు గుర్తును పారేశాయి. ఇప్పుడు వాటి దగ్గర చిరునామా లేదు, తీసేశారన్న ఆనవాలూ లేదు. మూడోదాని దగ్గర మాత్రం పాత చిరునామా భద్రంగా ఉంది.

పద్నాలుగో రోజు ఆయన పేజీ తెరిచాడు. ఈసారి అడిగింది మొదటి, మూడో సర్వర్లను. ఒకచోట ఖాళీ, ఒకచోట చిరునామా. ఖాళీకి టైమ్‌స్టాంప్ ఉండదు కాబట్టి చిరునామాదే గెలుపు. రీడ్ రిపేర్ శ్రద్ధగా దాన్ని మొదటి సర్వర్‌లోకి కూడా ఎక్కించింది. ఏ ప్రతి వెనకబడిందో తేల్చే సాక్ష్యమే లేనప్పుడు అది చేయగలిగింది అంతే.

టైమ్‌స్టాంప్‌ను నమ్ముకోవడంలో ఇంకో చిక్కూ ఉంది. ఇద్దరు ఒకే గడిని దాదాపు ఒకేసారి మారిస్తే ఎవరి గడియారం ముందుంటే వారి రాత నిలుస్తుంది, రెండోది చప్పుడు లేకుండా పోతుంది. మూడు ప్రతులూ ఒకే మాట మీదికొస్తాయి, అది సరైన మాటేనన్న హామీ లేదు. డైనమో బండిలో ఇలాంటి గొడవ వస్తే రెండు రూపాలనూ కలిపేసేవారు. బండిలో వేసిన వస్తువు పోకూడదన్నది వాళ్ల పట్టుదల. దానికి మూల్యంగా, తీసేసిన వస్తువు ఒక్కోసారి తిరిగొస్తుందని ఆ పత్రంలోనే ఒప్పుకున్నారు.

చిరునామా కథకు మందు ఉంది, కాకపోతే ఖర్చుతో కూడింది. `nodetool repair` నడిపితే సర్వర్లు ఎవరూ అడగని వివరాలతో సహా ప్రతులన్నీ పోల్చుకుంటాయి. వరుస వరుసా చూడకుండా, మర్కిల్ ట్రీ అనే హ్యాష్‌ల చెట్టుతో తేడా ఉన్న భాగాలను పట్టుకుంటాయి. డిస్కుకూ నెట్‌వర్క్‌కూ ఇది బరువే కనుక నిర్వాహకులు వాయిదా వేస్తుంటారు. టూంబ్‌స్టోన్ గడువు పది రోజులైతే ప్రతి సర్వర్‌లోనూ ఆలోపు ఒకసారి రిపేర్ ముగియాలి. పది రోజులకు పైగా పడిపోయిన సర్వర్‌నైతే ఉన్నపళంగా లేపకూడదు. డిస్కు ఖాళీ చేసి, మిగతా ప్రతుల నుంచి మొత్తం డేటా మళ్లీ నింపుకున్నాకే జట్టులోకి తీసుకోవాలి.