ముందుకు వాలిన క్రేన్: ఒక ఫొటో చూసి మేం చెప్పిన మార్పులు

మొన్నామధ్య ఆదివారం తెలుగు క్లాసు అయ్యాక ఒక తండ్రి తన ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. ఐదో గ్రేడ్ చదివే వాళ్లమ్మాయి సైన్స్ ఫెయిర్ కోసం అట్టతో, సూదిలేని సిరంజిలతో చేసిన క్రేన్ అది. ఒక సిరంజి నొక్కితే ట్యూబులోని నీళ్లు రెండో సిరంజిని తోసి, క్రేన్ చెయ్యి పైకి లేవాలి. "ఒట్టి చెయ్యి లేస్తోందండీ. బరువు తగిలిస్తే మొత్తం ముందుకు పడిపోతోంది. చూడ్డానికీ అంత బాగోలేదు. శుక్రవారం స్కూలుకి పట్టుకెళ్లాలి, మళ్లీ మొదట్నుంచి చేయాలా?" అని అడిగారు.

మేం వాలంటీర్లం ముగ్గురం ఆ ఫొటో చుట్టూ చేరాం. మొదట్నుంచి అక్కర్లేదు, చెయ్యి, సిరంజిలు అలాగే ఉంచి స్తంభం ఒక్కటి మారిస్తే చాలన్నాం. ఏ మార్పు ఎందుకో ఇక్కడ రాస్తున్నాం. ఇంకో ఇంట్లో ఇంకో మోడల్‌కైనా పనికొస్తుంది.

అట్ట ఎటు వంగుతుంది?

ఫొటోలో మాకు ముందు కనిపించింది స్తంభం అడుగున, పీటకి రెండంగుళాల పైన, అడ్డంగా పడిన మడత. పార్సిల్ డబ్బా అట్ట లోపల అలల్లాంటి వరసలుంటాయి. ఆ వరసల వెంట అట్ట సులువుగా మడత పడుతుంది, వాటికి అడ్డంగా వంచబోతే మొండికేస్తుంది. ఈ స్తంభంలో వరసలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి బరువు పడగానే సరిగ్గా అక్కడే మడిచిపోయింది. కోసే ముందు ముక్కని రెండు చేతులతో రెండు వైపులా వంచి చూస్తే ఏ వైపు గట్టిదో తెలిసిపోతుంది. స్తంభానికి వరసలు నిలువుగా ఉండాలి.

ఒకే పలక బదులు స్తంభాన్ని గొట్టంలా చేయమన్నాం. 21.5 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు ముక్క తీసుకుని, 5 సెంటీమీటర్లకొకటి చొప్పున నాలుగు నిలువు గీతలు, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీయాలి. మడిస్తే నాలుగు పక్కల గొట్టం వస్తుంది, మిగిలిన ఒకటిన్నర సెంటీమీటర్ల అంచు అతికించడానికి. వరసలు నిలువుగానే ఉన్నాయి గనక మడతలు తిన్నగా వస్తాయి. గొట్టాన్ని పీట మీద పెట్టి, 8 సెంటీమీటర్ల లంబకోణ త్రిభుజాలు నాలుగు కోసి, ఒక్కో పక్కకి ఒక్కోటి ఆనించి హాట్ గ్లూతో అతికించాలి. గన్ పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, ముక్క ఎక్కడ పెట్టాలో పాప చెప్పాలి.

పడిపోయేది ఎందుకు?

స్తంభం గట్టిపడినా క్రేన్ పడుతుంది, ఎందుకంటే బరువంతా పీటకి బయట ఉంది. ఇది లెక్కతో తేలే విషయం, పాప స్వయంగా వేసుకోగలిగినదే. చెయ్యి పొడవు 30 సెంటీమీటర్లు, దాని బరువు సుమారు 40 గ్రాములు. ఎత్తాల్సింది 100 గ్రాములు. స్తంభం పీట ముందంచుకి 5 సెంటీమీటర్లు లోపల ఉంది. అంటే చెయ్యి అడ్డంగా ఉన్నప్పుడు బరువు అంచుకి 25 సెంటీమీటర్ల బయట వేలాడుతుంది, చేతి మధ్యభాగం 10 సెంటీమీటర్ల బయట ఉంటుంది. 100ని 25తో, 40ని 10తో హెచ్చవేసి కలిపితే 2900. పీట వెనకవైపు, ముందంచుకి 25 సెంటీమీటర్ల దూరంలో ఒక బరువు పెడితే 2900ని 25తో భాగించాలి, 116 గ్రాములు వస్తుంది. అది సరిగ్గా తూగే బరువు మాత్రమే. టేబుల్ కాస్త కదిలినా పడకూడదు గనక దానికి రెట్టింపు, పావు కిలో బియ్యం జిప్ సంచిలో పోసి పీట వెనక అతికించమన్నాం. దాని మీద అట్ట పెట్టె మూసి "కౌంటర్ వెయిట్" అని రాస్తే అది దాచిపెట్టిన సంచి కాదు, క్రేన్‌లో ఒక భాగమే. నిజం క్రేన్లకీ వెనక అలాంటి దిమ్మలే ఉంటాయి.

కీలు, సిరంజి

ఫొటోలో సిరంజిని స్తంభానికి హాట్ గ్లూతో అంటించారు. దానివల్ల రెండు ఇబ్బందులు. నున్నటి ప్లాస్టిక్ మీద ఆ గ్లూ సరిగ్గా నిలవదు, కొంతసేపటికి పెచ్చులా ఊడి వస్తుంది. అంతకన్నా ముఖ్యం, చెయ్యి లేచేకొద్దీ సిరంజి వాలు మారాలి. కదలకుండా బిగిస్తే ప్లంజర్ పక్కకి ఒరుసుకుని ఇరుక్కుంటుంది. స్తంభానికి రెండు చిల్లులు పెట్టి, జిప్ టైతో కొంచెం వదులుగా కడితే సిరంజి ఊగగలదు.

చెయ్యి తిరిగే కీలు దగ్గర వెదురు పుల్ల నేరుగా అట్ట చిల్లులో తిరుగుతోంది. అలా తిరిగితే చిల్లు పెద్దదై చెయ్యి పక్కలకి ఊగుతుంది. చేతిలో స్ట్రా ముక్క గుచ్చి అతికించి, పుల్లని ఆ స్ట్రాలో తిరగనిస్తే సరిపోతుంది. పుల్ల చివరల్లో గుండ్రటి అట్ట ముక్కలు అతికించి, మొనలు కత్తిరించేయాలి.

సిరంజి చేతిని తోసేది కీలుకి 6 సెంటీమీటర్ల దూరంలో. అక్కడ 100 గ్రాములు, చేతి బరువు కలిపి లేపాలంటే 600 గ్రాముల తోపు కావాలి. ఆ స్థానాన్ని 10 సెంటీమీటర్లకి జరిపితే 360 చాలు. కాకపోతే చెయ్యి అంత ఎత్తు లేవదు. బలం కావాలంటే ఎత్తు వదులుకోవాలన్నమాట. జడ్జి అడగబోయే ప్రశ్న బహుశా ఇదే, జవాబు పాప నోటినుంచే రావాలి.

నీళ్లలో గాలి

ట్యూబులో మూడు బుడగలు ఫొటోలోనే కనిపించాయి. నీళ్లు నొక్కితే నలగవు, గాలి నలుగుతుంది. అందుకే బుడగలుంటే సిరంజి నొక్కినా చెయ్యి ఆలస్యంగా, స్ప్రింగులా కదులుతుంది. ట్యూబుని, ఒక సిరంజిని గిన్నెడు నీళ్లలో ముంచి నింపి, పూర్తిగా లోపలికి నొక్కిన రెండో సిరంజిని నీళ్లలోనే తగిలించాలి. నీళ్లలో నాలుగు చుక్కలు ఫుడ్ కలర్ వేస్తే బుడగ ఇంకా ఉంటే వెంటనే తెలుస్తుంది.

నీటుగా కనిపించాలంటే

ఇవన్నీ అయి, క్రేన్ పనిచేశాకే రంగుల జోలికి వెళ్లాలి. అట్టకి ఒక వైపే వాటర్ కలర్ వేస్తే తడికి వంకర తిరుగుతుంది. రంగు కాగితం గ్లూ స్టిక్‌తో అంటించడం మేలు. కోసిన అంచుల్లో కనిపించే అలల మీద మాస్కింగ్ టేప్ మడిచి అంటిస్తే సగం మోటుతనం పోతుంది. గ్లూ గన్ వదిలిన సాలెగూడు దారాలు హెయిర్ డ్రయ్యర్ వేడిగాలికి ముడుచుకుపోతాయి. సిరంజిల మీద, ట్యూబు మీద ఏమీ అంటించొద్దు. చూడాల్సింది అవే.

బుధవారం రాత్రి ఆ తండ్రి ఇంకో ఫొటో పంపారు. నికెల్ నాణెం 5 గ్రాములు గనక, ఇరవై నాణేలు కప్పులో వేసి పరీక్షించారట. పదిసార్లు లేచింది, పదకొండోసారి ట్యూబు ఊడి టేబులంతా ఎర్రనీళ్లు. సాగిపోయిన కొసని ఒక సెంటీమీటరు కత్తిరించి కొత్త కొస తగిలిస్తే మళ్లీ పట్టింది.

పాప మాత్రం పాత ఫొటో చెరపలేదు. వాలిపోయిన క్రేన్‌ని బోర్డు మీద ఎడమవైపు అంటించి, మడత పడిన చోట బాణం గుర్తు పెట్టి, పక్కన 2900 లెక్క రాసుకుంది.