ఆ తీర్పు నిజంగా ఉందా?

2019 ఆగస్టులో ఎల్ సాల్వడార్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న అవియాంకా విమానంలో, భోజనం అందించే లోహపు బండి మోకాలికి తగిలి గాయపడ్డానని ఒక ప్రయాణికుడు దావా వేశాడు. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఇలాంటి దావా రెండేళ్లలో వేయాలి, ఆ గడువు దాటిపోయింది కాబట్టి కొట్టేయండని విమాన సంస్థ కోరింది. మధ్యలో సంస్థ దివాలా రక్షణలో ఉంది, ఆ కాలాన్ని గడువులో లెక్కించకూడదని ప్రయాణికుడి న్యాయవాదులు 2023 మార్చిలో జవాబిచ్చారు. అందుకు ఆధారంగా వరుసగా పాత తీర్పులు చూపారు. వాటిలో బలమైనది ‘వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్’. ఆ తీర్పు అచ్చం ఈ వాదననే సమర్థిస్తున్నట్టు రాశారు.

అలాంటి తీర్పు ఏ కోర్టూ ఇవ్వలేదు. చాట్‌జీపీటీ అల్లిన కథ అది. ఆ పత్రంలో అలాంటి తీర్పులు ఆరు ఉన్నాయని తేలింది. వాటిని రిపోర్టులో చూడకుండానే కోర్టులో దాఖలు చేశారు.

‘మాటా వర్సెస్ అవియాంకా’ పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఈ వ్యవహారంలో శిక్ష కన్నా, ఆ తీర్పు లేదని జడ్జి ఎలా తేల్చారన్నదే ఎక్కువ తెలుసుకోదగింది. లా ఆఫీసులో జూనియర్ తయారుచేసిన ఏ సారాంశాన్నయినా సరిచూడటానికి అదే దారి.

వర్గీస్ పక్కన ఉన్న సైటేషన్ ‘925 ఎఫ్.3డి 1339, 11వ సర్క్యూట్, 2019’. ఇందులో మొదటి అంకె సంపుటం, మధ్యలోది రిపోర్టు పేరు, అంటే ఫెడరల్ రిపోర్టర్ మూడో శ్రేణి, చివరిది పేజీ. మన ‘ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461’ కూడా ఇలాంటి చిరునామానే. అక్కడికి వెళ్తే కేశవానంద భారతి తీర్పు కనబడుతుంది. వర్గీస్ చిరునామాకు వెళ్తే మాత్రం కనబడేది ‘జె.డి. వర్సెస్ అజార్’. కోర్టు కూడా వేరే, వాషింగ్టన్ డీసీ సర్క్యూట్‌ది. విమానాలతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇక్కడితో ఆగకూడదు. అంకె తప్పు పడటం మామూలే. 1339కి బదులు 1393 అని టైపయి ఉండొచ్చు. అందుకే రెండో ప్రయత్నం పార్టీల పేర్లతో వెతకడం, మూడోది కేసు నంబరుతో వెతకడం. వర్గీస్ ప్రతి ఇవ్వమని జడ్జి కెవిన్ క్యాస్టెల్ ఆదేశిస్తే న్యాయవాదులు కొన్ని పేజీలు సమర్పించారు. వాటి మీద ఉన్న కేసు నంబరును 11వ సర్క్యూట్ క్లర్కు చూస్తే అది పూర్తిగా వేరే వ్యాజ్యానిది. ఆ కోర్టులో 2010 తర్వాత వర్గీస్ పేరుతో ఏ కేసూ లేదనీ తేలింది. టైపింగ్ పొరపాటయితే ఈ మూడు దారుల్లో ఏదో ఒకటి అసలు తీర్పు దగ్గరికి చేరుస్తుంది. మూడూ మూసుకుపోతే అనుమానం బలపడుతుంది.

బలపడుతుందే తప్ప అంతటితో రుజువు కాదు. రిపోర్టుల్లో అచ్చవ్వని పాత తీర్పులు, కింది కోర్టుల ఆదేశాలు చాలా ఉన్నాయి, అవి వెతికితే దొరక్కపోవచ్చు. అప్పుడు ఆ కోర్టు రికార్డు నుంచి సర్టిఫైడ్ కాపీ తెప్పించాలి. అది చేతికి వచ్చేదాకా ఆ పేరు సారాంశంలో ఉండకూడదు. ‘ఎక్కడో చదివినట్టు గుర్తు’ అని ఉంచేయడమే ప్రమాదం.

నకిలీ తీర్పు లోపలి మాటలు కూడా దాన్ని పట్టిస్తాయి. సమర్పించిన పేజీల్లో కథ భర్త మరణానికి పరిహారం కోరిన మహిళతో మొదలై, మధ్యలో విమానం అందుకోలేకపోయిన వేరొక మనిషి దావాగా మారిపోయింది. ఇంకా మోసకరమైనది మరొకటి ఉంది. ఆ పేజీల్లో ‘జికర్‌మన్ వర్సెస్ కొరియన్ ఎయిర్ లైన్స్’ అన్న తీర్పును 2008లో 11వ సర్క్యూట్ ఇచ్చినట్టు ఉదహరించారు. జికర్‌మన్ కేసు నిజమైనదే. కానీ ఆ తీర్పు ఇచ్చింది అమెరికా సుప్రీంకోర్టు, 1996లో. పేరు నిజం, మిగతాదంతా అబద్ధం. పేరు ఎక్కడో విన్నామన్న ధైర్యంతో టిక్కు పెట్టేసే పాఠకుణ్ణి ఇలాంటిదే పడగొడుతుంది. అందుకే పేరు, సంపుటం, పేజీ, కోర్టు, సంవత్సరం విడివిడిగా సరిపోవాలి.

2023 జూన్ 22న జడ్జి ఆ న్యాయవాదులకూ వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించారు. నకిలీ తీర్పులు రాసినట్టు ఎవరి పేర్లు వాడారో ఆ జడ్జిలందరికీ ఉత్తరాలు రాయమన్నారు. అదే రోజు ప్రయాణికుడి దావాను గడువు దాటిందన్న కారణంతో కొట్టేశారు.

లేని తీర్పును పట్టుకోవడం ఒక రకంగా తేలిక. ఉన్న తీర్పులో లేని మాటను పట్టుకోవడమే కష్టం. ఒక డ్రాఫ్టులో ఇలా ఉందనుకుందాం: “ఎమర్జెన్సీలో కూడా చట్టం అనుమతి లేకుండా మనిషి ప్రాణాన్ని, స్వేచ్ఛను ప్రభుత్వం హరించలేదని ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.” సైటేషన్ (1976) 2 ఎస్‌సీసీ 521. సంపుటం తెరిస్తే కేసు అక్కడే ఉంది, ఆ భావమూ ఉంది. అయినా వాక్యం తప్పు. ఆ మాట జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాది, ఆయన అసమ్మతి తీర్పులోది. మిగతా నలుగురు జడ్జిలు దానికి విరుద్ధంగా, నిర్బంధంలో ఉన్నవారు హెబియస్ కార్పస్ కోరలేరని తీర్పిచ్చారు. మెజారిటీ ఏమందో చూడకుండా ఒక్క పేరా ఎత్తి రాస్తే కోర్టు చెప్పినదానికి సరిగ్గా తలకిందులైన మాట సారాంశంలోకి ఎక్కుతుంది.

ఇక్కడ మరో మెట్టు కూడా ఉంది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం ఏడీఎం జబల్‌పూర్ మెజారిటీని తోసిపుచ్చి, ఖన్నా అభిప్రాయాన్ని సమర్థించింది. కాబట్టి ఈ రోజు ఆ వాక్యం రాయాలంటే పుట్టస్వామిని ఆధారంగా చూపాలి, ఖన్నా మాటను అసమ్మతిగా స్పష్టంగా చెప్పాలి.

కొటేషన్ చూసేటప్పుడు ఆ పేరాతో పాటు దాని ముందూ వెనకా ఉన్న పేరాలు చదవడం అందుకే. మన తీర్పుల్లో న్యాయవాదుల వాదనలు పేజీలకు పేజీలు నమోదై ఉంటాయి. వేరే తీర్పుల భాగాలనూ యథాతథంగా ఎత్తి రాస్తారు. వాదనను తీర్పుగా, ఎత్తి రాసినదాన్ని సొంత మాటగా పొరబడటానికి క్షణం పట్టదు. పైన ఉండే హెడ్‌నోట్ సంపాదకులు రాసినది, తీర్పులో భాగం కాదు. అమెరికా సుప్రీంకోర్టు ఈ సంగతి 1906లోనే డెట్రాయిట్ టింబర్ కేసులో చెప్పింది. హెడ్‌నోట్ వాక్యానికి కొటేషన్ గుర్తులు తగిలించి కోర్టు మాటగా చూపడం మాత్రం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఈ జబ్బు అమెరికాది మాత్రమే కాదు. 2025లో ఒక ఆదాయపు పన్ను అసెస్‌మెంట్ ఆర్డరును బొంబాయి హైకోర్టు రద్దు చేసింది. అధికారి అందులో ఆధారపడిన మూడు తీర్పులు అసలు లేవని తేలడం అందుకు ఒక కారణం. విజయవాడలోని ఒక కింది కోర్టు ఆదేశంలో లేని తీర్పులు కనిపించిన వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

సరిచూడటానికి ఇప్పుడు ఖరీదైన లైబ్రరీ తప్పనిసరి కాదు. సుప్రీంకోర్టు అధికారిక రిపోర్టులు ఈ-ఎస్‌సీఆర్‌లో 2023 నుంచి ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. అదే ఏడాది నుంచి తీర్పులకు ఐఎన్‌ఎస్‌సీ అక్షరాలున్న న్యూట్రల్ సైటేషన్ ఇస్తున్నారు కాబట్టి, ఏ ప్రచురణ సంస్థ రిపోర్టు చేతిలో లేకపోయినా తీర్పును గుర్తించవచ్చు. ఆంధ్రా లా టైమ్స్ వంటి రిపోర్టుల్లోని హైకోర్టు తీర్పులకు బార్ అసోసియేషన్ లైబ్రరీ ఉంది.

కోర్టులో కేసు నడుస్తున్నవారు తమ న్యాయవాదిని ఒకటి అడగవచ్చు. వాదనలో ఉదహరించిన ప్రతి తీర్పు మొదటి పేజీనీ, కొటేషన్ ఉన్న పేజీనీ ఫైలులో పెట్టి ఒక కాపీ తమకూ ఇవ్వమనండి. దాఖలు చేసే ముందే అడగండి.