పరుగు పెరిగింది, తిండి పెరగలేదు

2013లో మాస్కోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో 1500 మీటర్ల ఫైనల్‌లో 17 ఏళ్ల అమెరికా అమ్మాయి మేరీ కెయిన్ పరుగెత్తింది. పెద్దవాళ్ల మధ్య ఆ వయసులో పదో స్థానం రావడం మామూలు విషయం కాదు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆమె వేగం పడిపోయింది. కారణమేమిటో 2019లో ఆమే బయటపెట్టింది. ఇంకా సన్నబడాలని శిక్షణ బృందం ఒత్తిడి తెచ్చిందని, మూడేళ్లపాటు నెలసరి రాలేదని, ఐదు ఎముకలు విరిగాయని చెప్పింది. ఆమె శిక్షకుడు ఆ ఆరోపణలను కాదన్నారు. ఎవరి మాట ఎలా ఉన్నా, నెలసరి ఆగడం, ఎముకలు విరగడం, వేగం తగ్గడం అనే ఈ మూడూ ఒకే చోట కనిపించడం క్రీడా వైద్యులకు కొత్తేమీ కాదు. ఒంటికి అందే శక్తి చాలనప్పుడు ఇలాగే జరుగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ స్థితికి ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టారు.

జీతం రాగానే ముందు ఈఎంఐ కోతపడుతుంది, మిగిలినదాంతోనే ఇల్లు గడవాలి. ఒంట్లోనూ అంతే. తిన్న తిండిలో వ్యాయామం తన వాటా ముందు తీసుకుంటుంది. గుండె కొట్టుకోవడానికి, ఒంటి వేడి నిలవడానికి, ఎముక మరమ్మతుకు, నెలసరికి మిగిలినదే దిక్కు. ఆ మిగులునే వైద్యులు ‘శక్తి లభ్యత’ అంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం రోజూ తెల్లవారుజామున పరుగెత్తే అమ్మాయి ఒకరు ఉన్నారనుకుందాం. బరువు 50 కిలోలు, అందులో కొవ్వు 10 కిలోలు. కొవ్వును మినహాయిస్తే మిగిలేది 40 కిలోలు. ఆమె రోజుకు 10 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ చొప్పున 500 కేలరీలు ఖర్చవుతాయి. తినేది మాత్రం 1,600 కేలరీలే. పరుగు ఖర్చు పోగా 1,100 మిగులుతుంది. దాన్ని 40తో భాగిస్తే కిలోకు 27.5 వస్తుంది. ఆరోగ్యంగా ఉండాలంటే ఇది 45 దగ్గర ఉండాలి. 30 కంటే తగ్గితే అయిదు రోజుల్లోనే నెలసరిని నడిపే హార్మోన్ల లయ దెబ్బతింటుందని అమెరికా పరిశోధకురాలు ఆన్ లౌక్స్ 2003లో చూపారు. అయితే 30 అందరికీ ఒకేలా వర్తించే హద్దు కాదు. కొందరికి అంతకంటే ఎక్కువ ఉన్నా ఇబ్బంది మొదలవుతుంది. పైగా ఇంట్లో కూర్చుని కేలరీలు కచ్చితంగా లెక్కపెట్టడం కష్టం. అందుకే అంకెలకన్నా ఒళ్లు చెప్పే మాటే ముఖ్యం.

ఒళ్లు ముందుగా చెప్పేది నెలసరి ద్వారానే. శక్తి చాలడం లేదని తెలియగానే మెదడులోని హైపోథాలమస్ ‘ఇది గర్భానికి అనువైన సమయం కాదు’ అన్నట్టు అండాశయాలకు వెళ్లే సంకేతాలను తగ్గించేస్తుంది. నెలసరి ఆలస్యమవుతుంది, తర్వాత ఆగిపోతుంది. ‘బాగా సాధన చేసే ఆడపిల్లలకు అది మామూలే’ అని మైదానాల్లో వినిపించే మాట తప్పు. నెలసరి మూడు నెలలు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలు కాకపోయినా డాక్టరును కలవాల్సిందే. గర్భనిరోధక మాత్రలు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. నెలనెలా కనిపించే రక్తస్రావం ఆ మాత్రల వల్ల వచ్చేదే. లోపల లోటు ఉన్నా అది బయటపడనివ్వదు.

నెలసరితోపాటు ఈస్ట్రోజెన్ కూడా తగ్గుతుంది. పాత ఎముక కరిగే వేగాన్ని అదుపులో ఉంచేది ఈ హార్మోనే. అది తగ్గితే కరిగే ఎముక ఎక్కువ, కట్టే ఎముక తక్కువ అవుతుంది. ఎముక గట్టిపడాల్సిన టీనేజీలోనే ఈ నష్టం జరిగితే తర్వాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం. అలా బలహీనపడిన ఎముకపై రోజూ పరుగు దెబ్బలు పడితే వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. వీటినే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మోకాలి కింది ముందెముకలోనో, పాదంలోనో వేలితో నొక్కితే ఒక్క చోటే సలుపు తెలుస్తుంది. మొదట పరుగెత్తేటప్పుడే నొప్పి ఉంటుంది, తర్వాత నడిచినా వస్తుంది, చివరికి పడుకున్నా వదలదు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్-రేలో ఏమీ కనిపించకపోవచ్చు కాబట్టి ‘ఎక్స్-రే బాగానే ఉంది’ అని మళ్లీ పరుగుకు దిగకూడదు. గజ్జల్లో నొప్పి వస్తే ఆ రోజే పరుగు ఆపాలి. తుంటి ఎముక మెడ దగ్గర పగులు ఉంటే అది పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది.

చాలామంది బరువు చూసి మోసపోతారు. ఒంట్లో శక్తి చాలకపోతే ఒళ్లు తన ఖర్చు తగ్గించుకుంటుంది. అందుకే కాటా మీద అంకె కదలకపోయినా లోటు ఉండవచ్చు. ఎప్పుడూ చలిగా అనిపించడం, మలబద్ధకం, తరచూ జలుబు, నిద్ర చెదరడం, చిరాకు, దెబ్బలు త్వరగా మానకపోవడం దీని గుర్తులు.

ఇవే గుర్తులు అతి శిక్షణలోనూ కనిపిస్తాయి. గట్టి సాధన తర్వాత కొన్నాళ్లు అలసట ఉండటం సహజం. వారం పది రోజుల విశ్రాంతితో అది పోయి, వేగం పెరగాలి. నెలలు గడిచినా కోలుకోకపోతేనే అతి శిక్షణ వ్యాధిగా అనుమానించాలి. దాన్ని తేల్చే రక్తపరీక్ష ఒక్కటీ లేదు. మిగతా కారణాలన్నీ కాదని తేలాకే ఆ పేరు పెట్టాలి. ఆ కారణాల్లో మొదట చూడాల్సింది తిండి. వేగం తగ్గిందని శిక్షకుడు మరో రెండు రౌండ్లు పెంచితే లోటు ఇంకా పెరుగుతుంది. ఈ లోటు మగపిల్లలకూ వస్తుంది, వారికి నెలసరి లాంటి హెచ్చరిక లేదు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

చికిత్సలో మొదటి మందు అన్నమే. పైన చెప్పిన అమ్మాయికి రోజుకు 700 కేలరీల లోటు ఉంది. రెండు అరటిపళ్లు, గ్లాసు పాలు, రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగలు కలిస్తే దాదాపు అంతవుతుంది. ఒకేసారి తినలేకపోతే 300 కేలరీలతో మొదలుపెట్టి పెంచవచ్చు. పరుగుకు ముందు ఒక అరటిపండు, పరుగయ్యాక గంటలోపు టిఫిన్ తినాలి. గట్టిగా సాధన చేసే రోజుల్లో ఒక్కపొద్దు ఉండకూడదు. పరుగు దూరం కూడా కొన్నాళ్లు తగ్గించాలి. ఇంత చేసినా నెలసరి తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు. నెలసరి తెప్పించడానికని గర్భనిరోధక మాత్రలు వేస్తే రక్తస్రావం వస్తుందేగానీ ఎముక తిరిగి గట్టిపడదు. ముందుగా గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్, పీసీఓఎస్ వంటి కారణాలను డాక్టరు పరిశీలించాలి. ఫెర్రిటిన్ పరీక్ష చేయిస్తే ఇనుము నిల్వ తెలుస్తుంది. తిండి అంటేనే భయపడే పిల్లలకు మానసిక వైద్యుల సాయమూ కావాలి.

శిక్షకులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. అమ్మాయి వేగం తగ్గితే ‘బరువెంత?’ అని అందరిముందు అడగకండి. ఏం తింటోందో, నెలసరి సరిగా వస్తోందో, ఎక్కడైనా నొప్పి ఉందో అమ్మగానీ మహిళా శిక్షకురాలుగానీ ఆమెను విడిగా అడగాలి. వచ్చిన జవాబులో తేడా కనిపిస్తే ఆ వారం మైదానానికి ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.